సేల్స్ నెలకి 12 లక్షలని నేనంటే లోన్ వాళ్లు 4.47 అంటున్నారు, తేడా ఎక్కడ?

సంచులవ్యాపారి
అందరికీ నమస్కారం. నేను ఆన్‌లైన్‌లో బ్యాగులు అమ్ముతాను. ల్యాప్‌టాప్ బ్యాగులు, స్కూలు బ్యాగులు, ప్రయాణాలకి డఫెల్ బ్యాగులు. మూడేళ్లుగా ఒకే మార్కెట్‌ప్లేస్. సీజన్‌కి ముందే స్టాక్ దింపుకోవాలని 12 లక్షల వర్కింగ్ క్యాపిటల్ లోన్‌కి అప్లై చేశాను. డ్యాష్‌బోర్డులో ఆరు నెలల సేల్స్ 72 లక్షలు చూపిస్తోంది, అంటే నెలకి 12. ఒక్క నెల అమ్మకమంత అప్పు అడగడం మరీ అత్యాశేం కాదనుకున్నాను.

నిన్న జవాబు వచ్చింది. 4.5 లక్షలే ఇస్తారట. కాగితం మీద రెండు మాటలు రాశారు. ఒకటి, "పరిగణించిన సగటు నెలసరి రాబడి 4.47 లక్షలు". రెండోది, "స్టాక్ వివరాలు ఆధారపడదగినట్టు లేవు". నేనిచ్చినవి: డ్యాష్‌బోర్డు స్క్రీన్‌షాట్లు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఎక్సెల్‌లో స్టాక్ లిస్టు, గిడ్డంగి రిపోర్టు, పోయినేడు వేసిన పన్ను రిటర్న్. ఒక్క అబద్ధం కూడా రాయలేదు. సప్లయర్‌కి పది రోజుల్లో అడ్వాన్స్ కట్టాలి, టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. 12 ఎక్కడ, 4.47 ఎక్కడ?

కొత్తమ్మకం
డ్యాష్‌బోర్డు వాళ్లు చూడరు అన్నా. బ్యాంకులో పడిందే వాళ్లకి సేల్స్. మార్కెట్‌ప్లేస్ కమిషన్, షిప్పింగ్ అన్నీ కోసేసుకుని మిగిలిందే మీకు వేస్తుంది కదా. తేడా మొత్తం కమిషనే.

పొద్దున్నే_ప్యాకింగ్
అమ్మో, నెలకి ఏడున్నర లక్షలు మీకు రాకుండా ఉన్నాయా? ముందు సపోర్ట్‌కి టికెట్ వేయండి. నాకూ ఓసారి రెండు సెటిల్‌మెంట్లు ఆగిపోయాయి, గట్టిగా అడిగితే నాలుగు రోజుల్లో వేశారు. లోన్ ఎందుకు, మీ డబ్బు మీరు వసూలు చేసుకుంటే చాలు.

సంచులవ్యాపారి
లేదండీ, సెటిల్‌మెంట్లు టైముకే వస్తున్నాయి. నాకెవరూ బాకీ లేరు. లోన్ వాళ్లు నా అమ్మకాన్ని ఎందుకంత తక్కువగా లెక్కేశారనేదే నా ప్రశ్న.

మాజీ_క్రెడిట్
నేను తొమ్మిదేళ్లు చిన్న వ్యాపారాల లోన్ ఫైళ్లు చూశాను, ఇప్పుడు మానేశాను. కొత్తమ్మకం గారు చెప్పింది సగం నిజం. బ్యాంకులో పడిన జమలతోనే మొదలెడతారు, కానీ అక్కడితో ఆగరు. తేడా మొత్తం కమిషన్ అయితే మీకు 60 శాతానికి పైగా కమిషన్ పడుతున్నట్టు. అలాగైతే మీరు ఎప్పుడో దుకాణం కట్టేసేవారు.

మొత్తం ఆరు నెలలు వద్దు. ఏదైనా ఒక్క నెల సెటిల్‌మెంట్ రిపోర్టు తెరిచి, ఆర్డర్ల విలువ, క్యాన్సిల్ అయినవి, రిఫండ్లు, ఫీజులు, యాడ్స్ కోత, ఆపి ఉంచిన మొత్తం విడివిడిగా రాయండి. పక్కనే అదే నెల బ్యాంకు ఖాతాలో పడిన జమలన్నీ రాయండి. సొంత డబ్బు వేసుకున్నా, చేబదులు వచ్చినా దాచకుండా రాయండి.

సంచులవ్యాపారి
పోయిన నెల ముందు నెల తీశాను. రెండు గంటలు పట్టింది, ఇంతకుముందు ఈ రిపోర్టు ఎప్పుడూ పూర్తిగా తెరవలేదని ఒప్పుకుంటున్నాను.

ఆర్డర్లు 12,40,000. పంపకముందే క్యాన్సిల్ 90,000. రిటర్నులకి రిఫండ్ 1,85,000. కమిషన్, షిప్పింగ్, గిడ్డంగి ఫీజులు కలిపి 1,95,000. యాడ్స్ 70,000. రిజర్వ్ అని నెలాఖరుకి 1,10,000 ఆపారు, కానీ అంతకుముందు ఆపిన 80,000 వదిలారు.

బ్యాంకులో ఆ నెల మొత్తం జమలు 8,20,000.

మాజీ_క్రెడిట్
బాగా రాశారు. ఇప్పుడు ఫైలు చూసేవాడి కళ్లతో చూద్దాం.

12,40,000 అంటే జనం బటన్ నొక్కిన మొత్తం. డ్యాష్‌బోర్డు మీకు సంతోషం కలిగించడానికి పైన పెద్ద అక్షరాలతో చూపించేది అదే. క్యాన్సిల్ తీస్తే పంపింది 11,50,000. రిటర్నులు తీస్తే 9,65,000. నిజమైన అమ్మకం ఇక్కడుంది, అదీ ధరలో కలిపిన పన్నుతో సహా. ఆ పన్ను మీది కాదు, తర్వాత కట్టాల్సిందే. ఫీజులు, యాడ్స్ పోతే 7,00,000. రిజర్వ్‌లో ఈ నెల 30 వేలు ఎక్కువ ఆపారు కాబట్టి మీ ఖాతాకి రావాల్సింది 6,70,000.

అంటే 12.40కీ 6.70కీ మధ్య 5.70 లక్షల తేడా ఉంటే, అందులో ఫీజులు రెండు లక్షల లోపే. యాడ్స్ కలిపినా తేడాలో సగం కూడా కాదు. మిగతాది చాలావరకు క్యాన్సిల్, రిటర్నులు. ఎప్పటికీ మీది కాని డబ్బు.

మరి బ్యాంకులో 8,20,000 ఎలా వచ్చింది? మార్కెట్‌ప్లేస్ నుంచి రాని ఆ 1,50,000 ఏమిటి?

సంచులవ్యాపారి
ఒక లక్ష మా బావమరిది చేబదులు ఇచ్చాడు. 50 వేలు నా సేవింగ్స్ ఖాతా నుంచి వేసుకున్నాను, సప్లయర్‌కి కట్టడానికి తక్కువైతే.

మాజీ_క్రెడిట్
అవి రెండూ కొట్టేస్తారు. జమ ఎవరి నుంచి వచ్చిందో స్టేట్‌మెంట్‌లోనే ఉంటుంది. మార్కెట్‌ప్లేస్ పేరుతో వచ్చినవి, కస్టమర్ల నుంచి నేరుగా వచ్చినవి ఉంచుతారు. సొంత ఖాతాల మధ్య బదిలీలు, బంధువుల జమలు, ఇతర లోన్ల డబ్బు, సప్లయర్ వెనక్కి పంపింది తీసేస్తారు. ఇప్పుడు చాలాచోట్ల ఈ పని సాఫ్ట్‌వేరే చేస్తుంది, తర్వాత మనిషి చూస్తాడు.

కొట్టేయడంతో అయిపోదు. బావమరిది దగ్గర నెలనెలా తీసుకుంటూ ఉంటే, అది ఇంకో అప్పు అని గుర్తిస్తారు. ఒక్కసారే అయితే ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

లెక్కలరాణి
నేను ముగ్గురు ఆన్‌లైన్ అమ్మకందార్లకి పుస్తకాలు రాస్తాను. పైన లెక్క సరిగ్గా ఉంది. కానీ ఎవరూ ఒక ప్రశ్న వేయలేదు. నెలకి 6.70 దగ్గర పడుతుంటే లోన్ వాళ్లకి 4.47 ఎలా వచ్చింది? 4.47ని ఆరుతో గుణిస్తే 26.8 లక్షలు. ఆరు నెలల మొత్తం అదే అంటున్నారు. 6.70ని నాలుగుతో గుణించినా సరిగ్గా 26.8 వస్తుంది. నాకు ఇక్కడ అనుమానంగా ఉంది.

సంచులవ్యాపారి గారూ, మీరిచ్చిన స్టేట్‌మెంట్ ఏ ఖాతాది? ఆ ఖాతా ఎప్పుడు తెరిచారు?

సంచులవ్యాపారి
అయ్యో.

కరెంట్ ఖాతా నాలుగున్నర నెలల క్రితం తెరిచాను. దానికి ముందు సెటిల్‌మెంట్లు నా సేవింగ్స్ ఖాతాలోకే వచ్చేవి. ఆరు నెలల స్టేట్‌మెంట్ అడిగితే వ్యాపారం ఖాతాదే ఇవ్వాలనుకుని అది ఒక్కటే పంపాను. మొదటి రెండు నెలలు అందులో మార్కెట్‌ప్లేస్ జమలేం లేవు.

ఇప్పుడే చూశాను. మొదటి రెండు నెలలు సేవింగ్స్‌లో 5.8, 6.0. తర్వాత నాలుగు నెలలు కరెంట్‌లో 6.4, 7.1, 6.7, 6.6.

లెక్కలరాణి
నాలుగు నెలలవి కలిపితే 26.8. వాళ్లు దాన్ని ఆరుతో భాగించారు. మొత్తం ఆరు నెలలవి కలిపితే 38.6, సగటు 6.43. మీ ఫైల్లో నెలకి దాదాపు రెండు లక్షలు అలా మాయమయ్యాయి. వాళ్లని తప్పుపట్టలేం, ఖాళీ నెలని వాళ్లు ఖాళీ నెలగానే చూస్తారు.

సేవింగ్స్ ఖాతా మీ పేరునే ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. ఆ స్టేట్‌మెంట్ కూడా పెట్టండి. దాంతోపాటు ఆ రెండు నెలల సెటిల్‌మెంట్ రిపోర్టులు పెట్టండి. ఒక్కో సెటిల్‌మెంట్‌కి ఒక నంబరు ఉంటుంది, దాని మొత్తం, బ్యాంకుకి పంపిన తేదీ ఉంటాయి. ఆ మొత్తం బ్యాంకు జమతో పైసలతో సహా కలవాలి. నేను ఇలా కలుపుతాను: ఒక షీట్‌లో రిపోర్టు వరుసలన్నీ, ఇంకో షీట్‌లో బ్యాంకు జమలు. బ్యాంకు షీట్ A కాలమ్‌లో సెటిల్‌మెంట్ నంబరు, B కాలమ్‌లో జమ అయిన మొత్తం, C కాలమ్‌లో ఈ ఫార్ములా.

```
=ROUND(SUMIFS(Settlement!F:F, Settlement!A:A, A2) - B2, 2)
```

Settlement షీట్‌లో A అంటే నంబరు, F అంటే ప్రతి వరుస మొత్తం (ఫీజులు మైనస్‌లో ఉంటాయి). జవాబు సున్నా రావాలి. రాకపోతే వరుసలు తెగిపోయి డౌన్‌లోడ్ అయ్యుండాలి, లేదా ఆ సెటిల్‌మెంట్‌లో వేరే కోత ఉండాలి. ఒక క్లయింటుకి నేను చూసినప్పుడు ప్రతి సెటిల్‌మెంట్‌లో 4,200 తేడా వచ్చేది. తీరా చూస్తే ఎప్పుడో తీసుకుని మర్చిపోయిన ఒక చిన్న అడ్వాన్స్ తాలూకు వాయిదా. లోన్ ఫారంలో "ఇతర అప్పులు లేవు" అని రాసుకున్నాడు పాపం. అబద్ధం చెప్పాలని కాదు, నిజంగానే మర్చిపోయాడు. చదివేవాడికి ఆ తేడా ఎలా తెలుస్తుంది మరి?

రవ్వంత_లాభం
ఇంత కష్టం ఎందుకండీ. అప్లై చేసే ముందు రెండు నెలలు మీ డబ్బే స్నేహితుల ఖాతాల్లోంచి తిప్పి జమ చేయించుకోండి, టర్నోవర్ పెరుగుతుంది. కొందరు సొంత ఆర్డర్లు కూడా పెట్టుకుంటారు.

మాజీ_క్రెడిట్
దయచేసి ఇలాంటి సలహాలు ఇవ్వకండి. ఒకటి, అది మోసం, తర్వాత బయటపడితే లోన్ మొత్తం ఒక్కసారే కట్టమంటారు. రెండు, అసలు పనిచేయదు. తిప్పిన డబ్బు స్టేట్‌మెంట్‌లో ఎలా కనిపిస్తుందో తెలుసా? ఉదయం గుండ్రని అంకెతో జమ, అదే రోజో మర్నాడో అంతే మొత్తం బయటికి. నెలకి నాలుగుసార్లు అదే పేరు. నిజమైన సెటిల్‌మెంట్ ఎప్పుడూ గుండ్రంగా ఉండదు, 1,63,418.27 లాగా ఉంటుంది. సొంత ఆర్డర్లు పెట్టుకుంటే కమిషన్ మీ జేబులోంచే పోతుంది, మార్కెట్‌ప్లేస్ పట్టుకుంటే ఖాతాకే ఎసరు.

సంచులవ్యాపారి
నాకా ఉద్దేశం లేదండీ. రాణి గారూ, మీ ఫార్ములా పెట్టాను. 13 సెటిల్‌మెంట్లలో 12 సున్నా వచ్చాయి. ఒకటి 2,150 తేడా, వెతుకుతున్నాను. చాలా థాంక్స్.

ఇక రెండో మాట, స్టాక్ సంగతి. నా లిస్టు ప్రకారం 14.6 లక్షల స్టాక్ ఉంది. అది ఎందుకు నమ్మలేదు?

మాజీ_క్రెడిట్
ఆ 14.6 అమ్మే ధర మీదా, కొన్న ధర మీదా?

సంచులవ్యాపారి
అమ్మే ధర. ఇవన్నీ అమ్మితే అంతే కదా వచ్చేది?

మాజీ_క్రెడిట్
అక్కడే పట్టుకుని ఉంటారు. స్టాక్‌ని కొన్న ధర మీద చూస్తారు. దిగుమతి, రవాణా ఖర్చు కలుపుకోవచ్చు. లాభం కలపకూడదు, అది అమ్మాకే వస్తుంది. కొన్న బిల్లులతో మళ్లీ లెక్కేసి, అందులోంచి మూడు తీయండి. ఆరు నెలలు దాటి కదలనివి, రిటర్నుగా వచ్చి అమ్మడానికి పనికిరానివి, మీ దగ్గర ఉన్నా సప్లయర్‌కి ఇంకా డబ్బు కట్టనివి. ఈ మూడో దానిని జనం మర్చిపోతారు. అరువు సరుకు మీద మీకు అప్పిస్తే, ఒకే బ్యాగు మీద ఇద్దరు అప్పిచ్చినట్టు అవుతుంది.

సంచులవ్యాపారి
కొన్న ధర మీద 8.2 లక్షలు. పోయినేడు కార్టూన్ బొమ్మలు ముద్రించిన స్కూలు బ్యాగులు మిగిలిపోయాయి, వాటి విలువ 2.1. పాడైన రిటర్నులు 0.6 ఉంటాయి. సప్లయర్‌కి బాకీ 1.5.

మిగిలేది 4.0. నోట మాట రావడం లేదు. 14.6 అనుకుంటూ తిరుగుతున్నాను ఇన్నాళ్లూ.

మాజీ_క్రెడిట్
స్టాక్ మీద లిమిట్ ఇచ్చేచోట ఆ 4.0 మీద కూడా పూర్తిగా ఇవ్వరు, మార్జిన్ పెట్టుకుంటారు. 25 శాతం మార్జిన్ అనుకుంటే మీరు వాడుకోగలిగేది 3.0. దీన్నే డ్రాయింగ్ పవర్ అంటారు. ప్రతి నెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇస్తే అది పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది.

మీకు ముఖ్యమైన చిక్కు ఇంకొకటి ఉంది. సప్లయర్‌కి కట్టే అడ్వాన్స్ స్టాక్ కాదు. సరుకు మీ గిడ్డంగికి చేరేదాకా చాలామంది దాన్ని లెక్కలోకి తీసుకోరు. మీకు డబ్బు అవసరం సరుకు రాకముందు, లిమిట్ పెరిగేది వచ్చాక. ఆ మధ్య గడువు మీ సొంత డబ్బుతో గడవాలి, లేదా సెటిల్‌మెంట్ల మీద ఇచ్చే లోన్ కావాలి.

కొత్తమ్మకం
నా స్టాక్ అంతా మార్కెట్‌ప్లేస్ గిడ్డంగిలోనే ఉంటుంది. వాళ్ల రిపోర్టే ఇస్తే సరిపోతుంది కదా? ఎవరూ కాదనలేరు.

లెక్కలరాణి
సంఖ్య వరకు ఆ రిపోర్టు బలమైనదే. కానీ సరుకు మీ చేతిలో లేదు కాబట్టి, రేపు మీరు కట్టకపోతే దాన్ని ఎలా స్వాధీనం చేసుకోవాలని కొందరు ఆ స్టాక్‌ని అసలు లెక్కలోకే తీసుకోరు. ఇచ్చేవాళ్లని ముందే అడగాలి.

పైగా మీ ఎక్సెల్‌కీ ఆ రిపోర్టుకీ పొంతన లేకపోతే అదే పెద్ద ప్రశ్న అవుతుంది. సంచులవ్యాపారి గారూ, ఒకే ఒక్క రకం బ్యాగు తీసుకుని మీ షీట్ సంఖ్య ఎలా వచ్చిందో చెప్పండి. నమ్మలేదన్నారంటే ఇలాంటిదే ఏదో దొరికి ఉండాలి.

సంచులవ్యాపారి
15 అంగుళాల నల్ల ల్యాప్‌టాప్ బ్యాగు. ఆరు నెలల క్రితం 120 ఉన్నాయి. 500 కొన్నాను. 430 పంపాను. 72 రిటర్న్ వచ్చాయి. నా షీట్‌లో 262. గిడ్డంగి రిపోర్టులో 241. నేనిచ్చిన ఫైళ్లలో రెండూ ఉన్నాయి, పక్కపక్కనే.

లెక్కలరాణి
120కి 500 కలిపి 430 తీస్తే 190. మీరు 72 రిటర్నులూ కలిపేశారు, 262 వచ్చింది. గిడ్డంగివాళ్లు మళ్లీ అమ్మగలిగినవి 51 మాత్రమే కలిపారు, 241 వచ్చింది. మధ్యలో ఉన్న 21 జిప్పు ఊడినవో, పట్టీ తెగినవో, పెట్టె చినిగినవో. దొంగతనం కాదు, లెక్క తప్పూ కాదు. మీ షీట్‌లో "అమ్మడానికి పనికిరానివి" అని ఒక కాలమ్ లేదు, అంతే. ఆ కాలమ్ పెట్టి, పక్కన రిటర్నుల రిపోర్టులో కారణం చూపిస్తే 21కి జవాబు దొరికినట్టే.

అన్ని రకాలకీ చేయనక్కర్లేదు. విలువలో పెద్దవి ఎనిమిదో పదో చేస్తే స్టాక్‌లో ఎక్కువ భాగం వచ్చేస్తుంది.

మూడో_అంతస్తు
నా అనుభవం చెప్తా. నాకు రాబడి బాగుంది, స్టాక్ బాగుంది, లోన్ రాలేదు. కారణం, అంతకుముందు ఏడాది నా సెల్లర్ ఖాతా 11 రోజులు ఆపేశారు. ఒక లిస్టింగ్‌లో బ్రాండ్ ఫిర్యాదు. తర్వాత తిరిగి తెరిచారు, తప్పు నాది కాదని తేలింది. కానీ ఆ 11 రోజులు జమలు లేవు, ఖాతా చరిత్రలో ఆ మచ్చ కనిపిస్తుంది. ఒకే మార్కెట్‌ప్లేస్ మీద బతికేవాడికి అది మూతపడితే కట్టేదెలా అన్నారు. వాళ్ల మాటా కాదనలేను. తిరిగి తెరిచినప్పుడు వచ్చిన ఈమెయిల్ మాత్రం దాచుకోండి, నేను పారేసుకున్నాను.

పొద్దున్నే_ప్యాకింగ్
నా డౌట్. సెల్లర్ ఖాతాకి లాగిన్ ఇవ్వమన్నారు నన్ను ఒకచోట. ఇవ్వొచ్చా?

మాజీ_క్రెడిట్
పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి. మార్కెట్‌ప్లేస్‌లో రిపోర్టులు చూసే అనుమతి మాత్రమే ఇచ్చే పద్ధతి ఉంటే అది ఇవ్వొచ్చు, తర్వాత తీసేయొచ్చు. అలా చూస్తే వాళ్లకి నమ్మకం పెరుగుతుంది, ఎందుకంటే ఫైల్ మీరు దిద్దారేమోనన్న అనుమానం ఉండదు. కాకపోతే ఆలస్యంగా పంపిన ఆర్డర్లు, లోపాల శాతం, పాత హెచ్చరికలు అన్నీ చూస్తారు, అది తెలిసే ఇవ్వండి.

సంచులవ్యాపారి
ఇంకోటి. సెటిల్‌మెంట్ల మీద అడ్వాన్స్ ఇచ్చే ఒక సంస్థ నుంచి ఆఫర్ వచ్చింది. 6 లక్షలు వెంటనే. వడ్డీ లేదు, 10 శాతం ఫీజు. ఆరు నెలలు నెలకి 1.1 లక్షలు సెటిల్‌మెంట్‌లోంచి కోసుకుంటారు. పది శాతమే కదా, బ్యాంకు వడ్డీ కంటే తక్కువలా ఉంది.

లెక్కలరాణి
పది శాతం కాదండీ. 6 లక్షలు మీ దగ్గర ఆరు నెలలూ ఉండవు. మొదటి నెల 6, తర్వాత 5, 4, 3, 2, 1. సగటున మీ దగ్గర ఉన్నది మూడున్నర లక్షలు. దాని మీద 60 వేలు, అదీ అర్ధ సంవత్సరానికి. ఏడాదికి లెక్కేస్తే 34 శాతం దగ్గర పడుతుంది. ముందే కట్టేసినా ఫీజు తగ్గకపోతే ఇంకా ఎక్కువ. ఆ సంగతి ఒప్పందంలో చూడండి.

రవ్వంత_లాభం
నేను మూడు సీజన్లు అలాగే తీసుకున్నా. శాతాలు చూస్తూ కూర్చుంటే స్టాక్ లేక సీజనే పోతుంది. ఆరు లక్షల సరుకు మీద లక్షన్నర మిగిలితే 60 వేలు ఇచ్చినా 90 వేలు లాభమే కదా? బ్యాంకు లోన్ వచ్చేసరికి నా సరుకు పక్కవాడు అమ్మేస్తాడు.

లెక్కలరాణి
మిగిలితే. మిగలని సీజన్‌లో కూడా 60 వేలు ఇవ్వాలి.

మాజీ_క్రెడిట్
ఈ విషయంలో రవ్వంత_లాభం గారితో నేను పూర్తిగా విభేదించను. నా భయం ఫీజు గురించి కాదు, టైమింగ్ గురించి. సంచులవ్యాపారి గారూ, మీ సరుకు తయారై, దిగి, అమ్ముడై, డబ్బు చేతికి రావడానికి ఎన్ని రోజులు?

సంచులవ్యాపారి
ఆర్డర్ పెట్టేటప్పుడు 30 శాతం. 45 రోజుల్లో తయారీ, అప్పుడు మిగతా 70. రావడానికి 15 రోజులు. అమ్మడానికి సుమారు 50. సెటిల్‌మెంట్‌కి ఇంకో 14.

మాజీ_క్రెడిట్
అంటే అడ్వాన్స్ కట్టిన రోజు నుంచి డబ్బు పూర్తిగా తిరిగి రావడానికి 124 రోజులు. మొదటి బ్యాగు అమ్ముడయ్యేది 60 రోజుల తర్వాత. కానీ మొదటి 1.1 లక్షలు 30వ రోజునే కోసుకుంటారు, రెండోది 60వ రోజున. అంటే కొత్త సరుకు ఒక్కటీ అమ్మకముందే 2.2 లక్షలు పాత సరుకు డబ్బులోంచి పోతాయి. మీకు నెలకి 6.4 వస్తుంటే అందులో ఆరో వంతుకు పైనే. పాత సరుకు మళ్లీ కొనడానికి అదే డబ్బు కదా వాడతారు? అక్కడ కోత పడి, బాగా అమ్ముడయ్యే నల్ల ల్యాప్‌టాప్ బ్యాగే స్టాక్ అయిపోతుంది. కొందరు అప్పుడు రెండో అడ్వాన్స్ తీసుకుంటారు. ఆ దారిలో వెళ్లి మా దగ్గరికి వచ్చిన ఫైళ్లలో, రోజూ ఇద్దరు ముగ్గురు కోసుకునే స్టేట్‌మెంట్లు చూశాను. అవి చూడగానే పక్కన పెట్టేసేవాళ్లం.

తీసుకుంటే సప్లయర్‌కి 30 శాతం కట్టేటప్పుడు కాకుండా, మిగతా 70 శాతం కట్టేటప్పుడు తీసుకోండి. అప్పుడైతే కోత మొదలయ్యేసరికి సరుకు వచ్చి పదిహేను రోజులవుతుంది.

సంచులవ్యాపారి
అప్‌డేట్. సేవింగ్స్ స్టేట్‌మెంట్, 13 సెటిల్‌మెంట్ల పట్టిక (ఆ 2,150 యాడ్స్ బిల్లు విడిగా కోసుకున్నదని తేలింది), కొన్న ధర మీద స్టాక్, పది రకాల బ్యాగుల లెక్క, పనికిరాని కాలమ్, అన్నీ మళ్లీ ఇచ్చాను. బొమ్మల బ్యాగులు విడిగా "పాత స్టాక్" అని నేనే రాశాను. సప్లయర్ అడ్వాన్స్‌కి బావమరిది దగ్గరే తీసుకుని కట్టాను, ఈసారి కాగితం రాసి, దాన్ని కూడా ఫారంలో చూపించాను.

ఈరోజు ఫోన్ వచ్చింది. 12 ఇవ్వలేమన్నారు. సగటు 6.4 దగ్గర ఒప్పుకున్నారు, లోన్ 6 నుంచి 6.5 లక్షల మధ్య చూస్తామన్నారు. కానీ ఇంకో ప్రశ్న అడిగారు: పోయిన సీజన్ తర్వాతి నెలలో ఎంత రిటర్న్ వచ్చింది, అది ఏ నెలలో అమ్మిన సరుకు? అది నా దగ్గర విడిగా లేదు.

మాజీ_క్రెడిట్
మంచి ఆఫీసర్ దొరికారు. సీజన్ నెలలో 16 శాతం రిటర్న్ కనిపించినా, అప్పుడు అమ్మినవి తర్వాతి నెలలో కూడా వెనక్కి వస్తూ ఉంటాయి. రిఫండ్ వచ్చిన నెల కాకుండా ఆర్డర్ పెట్టిన నెల వారీగా లెక్కేస్తే నిజమైన శాతం తెలుస్తుంది. రిటర్నుల రిపోర్టులో ఆర్డర్ నంబరు ఉంటుంది, దాన్ని ఆర్డర్ల ఫైలుతో కలిపితే తేదీ వస్తుంది.

సంచులవ్యాపారి
పోయిన సీజన్‌వి దాదాపు 1,400 ఆర్డర్లు. ఈ రాత్రికి కూర్చుంటాను. రాణి గారూ, దీనికి కూడా ఏదైనా ఫార్ములా ఉందా?

లెక్కలరాణి
ఉంది. రెండు ఫైళ్లలో ఆర్డర్ నంబరు ఉన్న కాలమ్ ఏదో చెప్పండి. ముందు రెండూ ఒకే ఫార్మాట్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి, ఒకదాంట్లో నంబరుగా, ఇంకోదాంట్లో టెక్స్ట్‌గా ఉంటే ఒక్కటీ కలవదు.